మాటలకు అడ్డురాని గిటార్: చిన్న కేఫ్ కోసం ఒక ఫింగర్‌పికింగ్ ప్యాటర్న్

కచేరీలో వాయించే గిటార్ పీస్‌కీ, కేఫ్‌లో వెనకాల వినిపించే పీస్‌కీ కార్డ్‌లు ఒకటే కావచ్చు. తేడా ఎక్కువగా కుడిచేతిలో తెలుస్తుంది. కచేరీకి వచ్చినవాళ్లు గిటార్ వినడానికే వస్తారు. కేఫ్‌కి వచ్చినవాళ్లు మాట్లాడుకోవడానికో, చదువుకోవడానికో, ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకోవడానికో వస్తారు. మాట మధ్యలో వాళ్ల చెవి ఒక్కసారిగా గిటార్ వైపు మళ్లిందంటే, సరిగ్గా ఆ చోట సంగీతంలో ఏదో పొడుచుకొచ్చిందన్నమాట. అది బాగుండి మళ్లినా సరే, ఇక్కడ మాత్రం లోపమే.

టెంపో తగ్గిస్తే చాలు, పీస్ ప్రశాంతంగా మారిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. నిమిషానికి 60 బీట్‌లతో వాయించినా ఒక బేస్ నోట్ ధనామని దూకితే చెవి ఉలిక్కిపడుతుంది. 90 బీట్‌లతో వాయించినా అన్ని నోట్‌లూ ఒకే ఎత్తులో, ఊహించిన చోటే పడుతుంటే వినేవాళ్లు తమ పనిలో తాము ఉండగలరు. అందుకే ప్యాటర్న్ ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఎంత నెమ్మది అని కాదు, ఏ నోట్ మిగతావాటికన్నా పైకి లేస్తోంది అని.

బొటనవేలితో బేస్ తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి మీటే పద్ధతిని తీసుకుందాం. అమెరికన్ గిటారిస్ట్ మెర్ల్ ట్రావిస్ పేరు మీద దీన్ని ట్రావిస్ పికింగ్ అంటారు. ఫింగర్‌పికింగ్ నేర్చుకునే చాలామందికి మొదట పట్టుబడేది ఇదే కాబట్టి కేఫ్ పీస్‌కి కూడా అలవాటుగా దీన్నే వాడేస్తుంటారు. ఇందులో బార్‌లోని నాలుగు బీట్‌ల మీదా బొటనవేలు పడుతుంది. బేస్ నోట్‌లు ఎక్కువసేపు మోగకుండా అరచేతి అంచుతో కాస్త అదిమిపెడతారు. పై తీగల నోట్‌లు బీట్‌కీ బీట్‌కీ మధ్య దూరతాయి. ఫలితంగా లయ చాలా స్పష్టంగా, ముందుకు నెడుతున్నట్టు ఉంటుంది. పాటకి తోడుగా వాయించేటప్పుడు ఇది బ్రహ్మాండమే. కానీ వింటున్నవాళ్ల కాలు దానంతటదే ఆడటం మొదలుపెడుతుంది. కాలు ఆడిందంటే మనసు కూడా కొంత అటు వెళ్లినట్టే. టెంపో తగ్గించినా ఈ గుణం పోదు, నాలుగు బీట్‌ల లెక్క ఇంకా బరువుగా వినిపిస్తుంది.

ఇంకో చివర పూర్తి ఆర్పెజియో ఉంది. బేస్ తీగతో మొదలుపెట్టి మూడో తీగ, రెండో తీగ, ఒకటో తీగ వరకు ఎక్కి, మళ్లీ అదే దారిలో దిగడం. ఆరు నోట్‌ల చుట్టు, 6/8 తాళంలో హాయిగా ఒదుగుతుంది. ఊయల ఊపులా ఉంటుంది కాబట్టి ప్రశాంతతకు ఇదే సరైనదనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే ప్రతి చుట్టులోనూ శిఖరం ఒకే చోట, ఒకే తీగ మీద వస్తుంది. అర నిమిషం బాగుంటుంది. రెండు నిమిషాలయ్యేసరికి ఆ పై నోట్ గడియారం టిక్కుటిక్కులా తయారవుతుంది.

ఈ రెండింటికీ మధ్యలో కేఫ్ పీస్‌కి పనికొచ్చే చోటు ఉంది. బొటనవేలు నాలుగుసార్లు కాకుండా రెండుసార్లే పడాలి. పై తీగలు ఎక్కాలి గానీ ఎక్కిన దారినే దిగకూడదు. బార్ చివర కొంచెం ఖాళీ ఉండాలి. 4/4లో, ఎనిమిది సగం బీట్‌లుగా ఆ ప్యాటర్న్ ఇలా ఉంటుంది. కింది వరుసలో p అంటే బొటనవేలు, i చూపుడు వేలు, m మధ్య వేలు, a ఉంగరపు వేలు.

```
   1 + 2 + 3 + 4 +
e|-------0---------|
B|-----0-------0---|
G|---0-------0-----|
D|---------2-------|
A|-3---------------|
E|-----------------|
   p i m a p i m
```

ఏడు నోట్‌లు, ఎనిమిదో చోట ఏమీ లేదు. ఒకటో బీట్‌కి బొటనవేలు అయిదో తీగ మీద, మూడో బీట్‌కి నాలుగో తీగ మీద పడుతుంది. చూపుడు వేలికి మూడో తీగ, మధ్య వేలికి రెండో తీగ, ఉంగరపు వేలికి ఒకటో తీగ. ఈ మూడు వేళ్ల కేటాయింపు పీస్ మొత్తంలో మారదు. ఒకటో తీగ బార్‌లో ఒక్కసారే మోగుతుంది, అదీ రెండో బీట్ దాటాక, బీట్ మీద కాకుండా. అన్నిటికన్నా పలచని, అన్నిటికన్నా త్వరగా చెవికి చేరే తీగని బలమైన బీట్‌కి దూరంగా పెట్టడం కావాలని చేసిన పనే. ఒకటో బీట్ మీద బేస్‌తో కలిపి దాన్ని మీటితే ప్రతి బార్‌కీ ఒక ప్రకటన చేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఎడమచేతి సంగతి. మామూలు ట్యూనింగ్‌లో నాలుగు కార్డ్‌లు, ఒక్కొక్కటి ఒక్కో బార్. అంకెలు ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకు ఫ్రెట్‌లు. x అంటే మీటని తీగ.

```
Cmaj7    x32000
Am7      x02010
Fmaj7/A  x03210
G6       3x0000
```

మొదట చూస్తే ఇవి రోజూ వినే సి, ఏ మైనర్, ఎఫ్, జి వరసే. కానీ మూడో కార్డ్‌లో ఎఫ్ బేస్ వాడలేదు. సులువుగా దొరికే ఎఫ్ మేజర్ 7లో బేస్ నోట్ నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది, అంటే దాదాపు 175 హెర్ట్జ్. దానికి ముందు బార్‌లో బేస్ ఖాళీ అయిదో తీగ, 110 హెర్ట్జ్. తర్వాతి బార్‌లో ఆరో తీగ మూడో ఫ్రెట్, 98 హెర్ట్జ్. కింద నుంచి ఒక్కసారి పైకి ఎగిరి, మళ్లీ ఒక్కసారి ఇంకా కిందకి పడాలన్నమాట. కాగితం మీద తప్పేమీ లేదు. కేఫ్‌లో మాత్రం ప్రతి నాలుగు బార్‌లకీ ఒకసారి ఎవరో కుర్చీ జరిపినట్టు తెలుస్తూనే ఉంటుంది. అయిదో తీగని ఖాళీగానే ఉంచి ఎఫ్‌ని నాలుగో తీగలోకి, రెండో దెబ్బకి పంపితే బేస్ సి, ఏ, ఏ, జి అని నడుస్తుంది. ఒక చిన్న దిగుడు, ఒకచోట ఆగడం, మరో మెట్టు దిగుడు. చివర జి నుంచి సికి ఎక్కడం ఒక్కటే కాస్త పెద్ద అడుగు. అది వరస మళ్లీ మొదలయ్యే చోటు కాబట్టి సహజంగానే వినిపిస్తుంది.

లోపలి తీగలు కూడా ఇంతే. మూడో తీగ జి, జి, ఏ, జి అంటుంది. రెండో తీగ బి, సి, సి, బి. ఏ తీగా ఒక మెట్టు మించి కదలదు, ఒక్క నాలుగో తీగ మాత్రం ఎఫ్ నుంచి డికి ఇంకాస్త ఎక్కువ దిగుతుంది. ఒకటో తీగ నాలుగు బార్‌లలోనూ ఖాళీ ఈ గానే ఉంటుంది. సి కార్డ్‌లో అది మూడో స్వరం, ఏ మైనర్‌లో అయిదోది, ఎఫ్‌లో ఏడోది, జిలో ఆరోది. నోట్ మారకపోయినా దాని రంగు మారుతుంటుంది. ప్రశాంతమైన పీస్‌లో మార్పు ఎంత ఉండాలన్న ప్రశ్నకి మంచి కొలత ఇదే.

ఈ కార్డ్‌లు ఎంచుకోవడంలో ఇంకో లాభం, గీత చప్పుడు రాదు. చుట్టు తీగ వేసిన లావు తీగల మీద వేలిని నొక్కి ఉంచి జరిపితే కీచుమంటుంది. కచేరీలో దాన్ని ఎవరూ పట్టించుకోరు, కొందరికి ఇష్టం కూడా. నెమ్మదైన రికార్డింగ్‌లో మాత్రం నోట్‌లకన్నా ఆ కీచు పదునుగా ఉంటుంది. ఇక్కడ ఏ వేలూ తీగ పొడవునా జారదు. సి నుంచి ఏ మైనర్‌కి వెళ్లేటప్పుడు నాలుగో తీగ మీది మధ్య వేలు అక్కడే ఉంటుంది, ఉంగరపు వేలు లేస్తుంది, చూపుడు వేలు రెండో తీగ మీద దిగుతుంది. అక్కడి నుంచి ఎఫ్‌కి చూపుడు వేలు కదలదు. మధ్య వేలు పక్క తీగకి మారుతుంది, ఉంగరపు వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీదకి వస్తుంది. జికి అదే వేలు అదే ఫ్రెట్‌లో ఆరో తీగ మీదకి వెళ్తుంది. అన్నీ ఎత్తి దించే కదలికలే. ఎత్తేటప్పుడు నిటారుగా ఎత్తాలి. పక్కకి లాగుతూ ఎత్తితే ఆ తీగ ఖాళీగా ఒకసారి మోగి అనవసరమైన నోట్ పుడుతుంది.

అసలు ప్రమాదం మూడో కార్డ్ నుంచి నాలుగోదానికి మారే చోట ఉంది. ఖాళీ అయిదో తీగని ఎవరూ నొక్కి లేరు కాబట్టి, వేళ్లు ఎత్తినా అది ఆగదు. దాని 110 హెర్ట్జ్ ఇంకా మోగుతుండగానే ఆరో తీగ మీద 98 హెర్ట్జ్ వచ్చి పడుతుంది. రెండింటికీ తేడా 12 మాత్రమే, అంటే సెకనుకు 12 సార్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటూ గరగరమనే బురద చప్పుడు వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో విన్నవాళ్లు ఇది రికార్డింగ్ లోపమనో, మైక్ బాగా దగ్గరగా పెట్టారనో అనుకుంటారు. బేస్ తగ్గించి సరిచేయబోతారు. తగ్గించాల్సింది బేస్ కాదు, ఆపాల్సింది అయిదో తీగని.

దానికి రెండు దారులున్నాయి. ఆరో తీగని నొక్కే వేలిని కొద్దిగా వాల్చితే దాని కింది కండ అయిదో తీగకి తగిలి ఆపేస్తుంది. లేదా ఆరో తీగని మీటాక బొటనవేలిని గాల్లోకి ఎత్తకుండా నేరుగా అయిదో తీగ మీద వాలనివ్వాలి. దీన్ని రెస్ట్ స్ట్రోక్ అంటారు. మీటిన అదే కదలికలో పక్క తీగ ఆగిపోతుంది కాబట్టి అలవాటయ్యాక ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ఈ రెండోదే ఎక్కువ నమ్మదగింది, ఎందుకంటే మొదటిది వేళ్ల లావుని బట్టి, నెక్ వెడల్పుని బట్టి ఒకసారి పని చేసి ఒకసారి చేయదు.

ఇక ఆ ఎనిమిదో చోటు ఖాళీ గురించి. చూడ్డానికి ఏమీ లేని చోటే గానీ, ప్యాటర్న్‌లో ఎక్కువగా చెడేది అక్కడే. మెట్రోనోమ్ 72 మీద పెడితే ఒక బార్ 3.3 సెకన్లు, సగం బీట్ సుమారు 0.4 సెకను. ఏడో నోట్ మీటాక చేతికి పనేమీ ఉండదు కాబట్టి బొటనవేలు తొందరపడి తర్వాతి బార్‌ని ముందే మొదలుపెట్టేస్తుంది. ప్రతి బార్‌లోనూ రవ్వంత తినేస్తే రెండు నిమిషాల్లో పీస్ పరుగు అందుకుంటుంది. గుర్తుపట్టడం తేలిక: మెట్రోనోమ్‌ని ప్రతి బీట్‌కీ కాకుండా బార్‌కి ఒక్కసారే మోగేలా పెట్టి వాయిస్తే, ఒకటో బీట్ బేస్ క్లిక్‌కన్నా ముందే పడుతుంది. మందు కూడా చిన్నదే. ఆ ఖాళీలో చేతికి ఒక పని ఇవ్వాలి, అదే ఎడమచేతి కార్డ్ మార్పు. ఏడో నోట్ మోగేదాకా పాత కార్డ్‌ని వదలకుండా, సరిగ్గా ఆ ఖాళీలోనే వేళ్లు మార్చడం అలవాటైతే సమయం దానంతటదే నిండుతుంది. కుడిచేతి వేళ్లని మాత్రం తీగల మీద ముందుగా ఆనించకూడదు. ఆనిస్తే మోగుతున్న తీగలన్నీ ఒక్కసారి ఆగిపోయి, ప్రతి బార్ చివరా తలుపు వేసినట్టు ఉంటుంది.

కుడిచేతి ఉంగరపు వేలు ఇంకో తలనొప్పి. అన్ని వేళ్లలో దానికి స్వతంత్రం తక్కువ. బలం చాలదేమోనని దాన్ని కాస్త గట్టిగా లాగుతారు. గోరు తీగకి తగిలిన టిక్కు, నోట్‌కన్నా ముందు వినిపిస్తుంది. మాటల్లో హల్లుల స్పష్టత ఎక్కువగా ఉండేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య. స్టీల్ తీగ మీద గోరు చప్పుడు కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే పడుతుంది. అందుకే గిటార్ మొత్తం చిన్నగానే ఉన్నా, ఆ ఒక్క టిక్కు ఎదుటివాళ్ల మాట మధ్యలోకి దూరుతుంది. చేతిని బ్రిడ్జ్ నుంచి దూరంగా, సౌండ్‌హోల్ నెక్ వైపు అంచు దగ్గరకి జరిపితే పై శబ్దాలు తగ్గి స్వరం మెత్తబడుతుంది. వేలి కండ ముందు తగిలి, గోరు చివర్లో రాసుకుంటూ వెళ్లేలా మీటితే టిక్కు దాదాపు పోతుంది. వాల్యూమ్ తగ్గించడం కన్నా ఈ రెండూ ఎక్కువ పని చేస్తాయి.

నిజానికి వాల్యూమ్ తగ్గిస్తే కొన్నిసార్లు సమస్య పెరుగుతుంది కూడా. శబ్దం చిన్నదయ్యేకొద్దీ మన చెవి బేస్‌ని ముందుగా వదిలేస్తుంది, పై నోట్‌లని అంత త్వరగా వదలదు. కేఫ్‌లో ఉండే చిన్న స్పీకర్ 98 హెర్ట్జ్‌ని ఎలాగూ సరిగా ఇవ్వలేదు. గదిలో గిటార్ పట్టుకుని వాయించినప్పుడు చక్కగా కుదిరిన పీస్, కేఫ్‌లో చిన్నగా పెట్టేసరికి ఒకటో తీగ మీది ఈ నోట్ మాత్రమే మిగిలి బార్‌కి ఒకసారి టింగుమంటుంది. కాబట్టి బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య బలం పంచుకోవడం చిన్న వాల్యూమ్‌లోనే తేల్చుకోవాలి. ఫోన్‌లో రికార్డ్ చేసి, అది వెనకాల వినీవినిపించనట్టు మోగుతుండగా ఎవరితోనైనా మాట్లాడుతూ కూర్చోవాలి. మాట తడబడిన చోటల్లా ఏ నోట్ మోగిందో తర్వాత విని చూస్తే, చాలావరకు అది ఒకటో తీగదో లేక బేస్ దూకిన చోటో అయి ఉంటుంది. ఒంటరిగా శ్రద్ధగా వింటే ఈ లోపాలు పట్టుబడవు, ఎందుకంటే శ్రద్ధగా వినే చెవికి పొడుచుకొచ్చిన నోట్ కూడా అందంగానే ఉంటుంది.

ఇదంతా సరిగా కుదిరినా, నాలుగు బార్‌లు 13 సెకన్లలో అయిపోతాయి. దాన్నే మూడు నిమిషాలు తిప్పితే విసుగు, మధ్యలో కొత్త హంగులు చేరిస్తే దృష్టి మళ్లుతుంది. ఇక్కడ పనికొచ్చే సూత్రం, మార్పు కోసం కలపకుండా తీసేయడం. 32 బార్‌ల పీస్‌ని ఇలా పరుచుకోవచ్చు. మొదటి ఎనిమిది బార్‌లు ఏడు నోట్‌ల ప్యాటర్న్ ఉన్నదున్నట్టు. తర్వాతి ఎనిమిదిలో ఏ మైనర్ బార్ వచ్చినప్పుడు ఒకటో తీగ మీద ఖాళీ ఈ బదులు చిటికెన వేలితో మూడో ఫ్రెట్ జి, మళ్లీ ఎఫ్ బార్‌లో ఈ, జి బార్‌లో కుడిచేతి ఉంగరపు వేలికి సెలవు. ఈ, జి, ఈ, ఆపైన ఏమీ లేదు. రాగం అని చెప్పుకోవాలంటే అంతే. కానీ నాలుగో బార్‌లో రావాల్సిన టింగు రాకపోవడం వల్ల అంతకు ముందు మూడూ ఒక వాక్యంలా ముడిపడతాయి. మూడో ఎనిమిదిలో కుడిచేతి చూపుడు వేలిని పూర్తిగా తీసేయాలి. అప్పుడు ఒకటి, రెండు, రెండు దాటాక, మూడు, నాలుగు, ఈ అయిదు చోట్లే నోట్‌లు ఉంటాయి. బేస్ తర్వాత గాలి ఆడుతుంది, టెంపో మారకపోయినా పీస్ నెమ్మదించినట్టు అనిపిస్తుంది. చివరి ఎనిమిది మళ్లీ మొదటిలాగే. 72 దగ్గర మొత్తం నిమిషం నలభై ఏడు సెకన్లు. రెండుసార్లు వాయిస్తే మూడున్నర నిమిషాలు.

తీసేసిన నోట్‌ల చోట మౌనం ఎలా ఉంటుందన్నది గిటార్‌ని బట్టి మారుతుంది. స్టీల్ తీగలు ఎక్కువసేపు మోగుతాయి కాబట్టి అయిదు నోట్‌ల భాగం నిండుగానే ఉంటుంది. కావాలంటే పీస్ మొత్తాన్ని ఆ అయిదింటితోనే నడపవచ్చు. నైలాన్ తీగల్లో నోట్ త్వరగా వాడిపోతుంది, ఆ ఖాళీలు నిజంగానే ఖాళీలుగా తెలుస్తాయి. అక్కడ ఏడు నోట్‌ల ప్యాటర్నే నయం, పలచన చేసే భాగాన్ని ఎనిమిది బార్‌ల నుంచి నాలుగుకి కుదించడం మంచిది. గోరు టిక్కు బాధ మాత్రం నైలాన్‌లో చాలా తక్కువ.

ముగింపు విషయంలో కచేరీ అలవాటు ఒకటి వదులుకోవాలి. చివరి రెండు బార్‌లు లాగి లాగి నెమ్మదించడం, ఆఖరి కార్డ్‌ని పైనుంచి కిందకి ఝుమ్మని మీటడం ఇక్కడ అక్కర్లేదు. టెంపో తగ్గుతున్న కొద్దీ గదిలో ఉన్నవాళ్లకి ఏదో అయిపోబోతోందని తెలిసి చెవులు నిక్కపొడుచుకుంటాయి. సి కార్డ్‌కి వచ్చి, అదే టెంపోలో నాలుగు నోట్‌లు మీటి, ఒకటో తీగ ఈతో ఆపేసి, తీగల్ని అదమకుండా వాటంతటవే తగ్గేదాకా వదిలేస్తే సరిపోతుంది. రికార్డింగ్ అయితే ఆ మోత పూర్తిగా పోయాక ఇంకో రెండు సెకన్లు ఉంచి కత్తిరించాలి. మోగుతుండగానే కత్తిరిస్తే తర్వాతి పీస్ మొదలయ్యే ముందు చటుక్కుమని ఒక ఖాళీ వచ్చి, అప్పటిదాకా గిటార్ ఉందన్న సంగతి గమనించనివాళ్లు కూడా స్పీకర్ వైపు చూస్తారు.